డేటా యూసేజ్ స్క్రీన్‌షాట్ చూసి నెలాఖరు బిల్లు అంచనా వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో, చుట్టాల్లో ఎవరికి పోస్ట్‌పెయిడ్ బిల్లు ఎక్కువొచ్చినా ముందు నాకే వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెడతారు, కాస్త చూసి చెప్పవా అని. అలా చాలా చూశాను కాబట్టి అందరూ మళ్ళీ మళ్ళీ అడిగేవన్నీ ఒకచోట రాస్తున్నా. ఉదాహరణకి విజయవాడలో ఉండే మా బావమరిది 2025 ఏప్రిల్‌లో పంపిన స్క్రీన్‌షాట్‌నే మొదట్నుంచి చివరిదాకా తీసుకుంటాను, అంకెలు ఒకే మనిషివి అయితే ఫాలో అవ్వడం ఈజీ.

అసలు ఏ స్క్రీన్‌ని స్క్రీన్‌షాట్ తియ్యాలి?

ఆండ్రాయిడ్‌లో అయితే Settings లోకెళ్ళి నెట్‌వర్క్ సెక్షన్‌లో మీ సిమ్ మీద నొక్కితే App data usage అని ఉంటుంది, శాంసంగ్‌లో Connections లోపల Data usage, దాంట్లో Mobile data usage. దారి ఫోన్‌ని బట్టి కొంచెం మారుతుంది, అది దొరక్కపోతే Settings పైన ఉండే సెర్చ్‌లో data usage అని కొట్టండి, అదే తీసుకెళ్తుంది. ఐఫోన్‌లో Settings లో Mobile Data (కొన్నిట్లో Cellular అని ఉంటుంది) తెరిచి కిందకి జరపాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. వైఫై యూసేజ్ స్క్రీన్ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది, అవే యాప్‌లు, అవే గీతలు. మా పిన్ని ఒకసారి 140 జీబీ వాడేశానని కంగారుపడుతూ పంపింది, పైన చూస్తే Wi-Fi అని రాసుంది. దానికీ సిమ్ బిల్లుకీ ఏ సంబంధం లేదు. ఇంకోటి, రెండు సిమ్‌లుంటే స్క్రీన్ ఒక సిమ్‌దే చూపిస్తుంది, ఏ సిమ్‌దో పైన చూసుకోండి.

స్క్రీన్‌షాట్ చేతికొచ్చాక ముందు ఏం చూడాలి? యాప్‌లా?

కాదు, ముందు తేదీలు. అందరి కళ్ళూ నేరుగా యూట్యూబ్ పక్కనున్న అంకె మీదకి పోతాయి గానీ ఆ అంకె ఎన్ని రోజులదో తెలియకపోతే దాంతో ఏమీ చెయ్యలేం. ఆండ్రాయిడ్‌లో లిస్ట్ పైన 5 Apr – 4 May లాగా ఒక పీరియడ్ ఉంటుంది. అది మీ బిల్ సైకిల్‌తో కలవాలి. ఫోన్ దానంతటది చాలాసార్లు నెల ఒకటో తారీఖు నుంచి లెక్కపెడుతుంది, మీ బిల్లేమో 5 నుంచి 4 దాకానో 17 నుంచి 16 దాకానో ఉంటుంది, అప్పుడు ఫోన్ చెప్పేది ఒక నెల, కంపెనీ లెక్కేసేది ఇంకో నెల. బిల్ సైకిల్ ఏదో పాత బిల్లు మొదటి పేజీలో ఉంటుంది. ఫోన్‌లో కూడా సైకిల్ మొదలయ్యే తేదీ మార్చుకునే ఆప్షన్ అక్కడే ఉంటుంది, ఒక్కసారి సెట్ చేసేస్తే ఇంక ప్రతి నెలా ఆ గొడవ ఉండదు.

తర్వాత స్క్రీన్‌షాట్ ఎప్పుడు తీశారు అనేది. పైన టైమ్ కనిపిస్తుంది గానీ తేదీ కనిపించదు. వాట్సాప్‌లో ఎవరైనా పంపితే పంపిన రోజే తీసిందని అనుకోకండి, రెండు రోజుల కింద తీసింది ఇవాళ పంపేవాళ్ళు ఉంటారు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైల్ పేరులోనే Screenshot_20250418 అని తేదీ ఉంటుంది, గ్యాలరీలో డీటెయిల్స్ చూస్తే తెలుస్తుంది. వాట్సాప్‌లో వచ్చేసరికి ఆ పేరు మారిపోతుంది కాబట్టి పంపినవాళ్ళనే అడగడం మంచిది.

మా వాడిది 5 ఏప్రిల్ నుంచి 4 మే సైకిల్, అంటే 30 రోజులు. స్క్రీన్‌షాట్ 18 రాత్రి పడుకునే ముందు తీశాడు, అంటే 14 రోజులు అయిపోయినట్టే, ఇంకా 16 మిగిలాయి. ప్లాన్‌లో 75 జీబీ, అది దాటితే జీబీకి 20 రూపాయలు ప్లస్ జీఎస్టీ. స్క్రీన్ మీద మొత్తం 46.2 జీబీ.

ఏ యాప్ ఎక్కువ తింటోందో ఎలా చెప్పాలి? పెద్ద గీత ఉన్నదేనా?

మొదటి ప్లేస్‌లో ఉన్నదే ఎక్కువ, అది నిజమే. కానీ గీతల పొడవు చూసి మోసపోకండి. ఆండ్రాయిడ్‌లో ఆ గీత మొత్తం డేటాలో వాటా కాదు, అన్నిటికంటే ఎక్కువ వాడిన యాప్‌తో పోలిక. అందుకే మొదటి యాప్ గీత ఎప్పుడూ నిండుగా ఉంటుంది, అది మొత్తంలో 90 శాతమైనా సరే 20 శాతమైనా సరే. మా వాడు "బావా మొత్తం యూట్యూబే తినేసింది, గీత ఫుల్ అయిపోయింది చూడు" అన్నాడు. లెక్కేస్తే మూడో వంతు కూడా లేదు.

వాడి లిస్ట్ ఇదీ: యూట్యూబ్ 14.8, ఇన్‌స్టాగ్రామ్ 11.2, జియోహాట్‌స్టార్ 7.6, హాట్‌స్పాట్ 6.3, వాట్సాప్ 2.4, క్రోమ్ 1.7, ప్లే స్టోర్ 1.1 జీబీ. ఇవన్నీ కూడితే 45.1 వస్తుంది, పైన మొత్తం 46.2. మిగిలిన 1.1 జీబీ కింద ఉన్న చిన్నచిన్న యాప్‌లన్నీ కలిపి. ఈ కూడిక తప్పకుండా చెయ్యండి. స్క్రీన్‌షాట్ ఒక్క స్క్రీన్ వరకే వస్తుంది, కింద ఏముందో కనిపించదు, కూడితే మొత్తానికీ కనిపించే దానికీ పది జీబీ తేడా వస్తోందంటే కింద ఏదో పెద్దది దాక్కుంది, లేదా మధ్యలో స్క్రోల్ చేసేటప్పుడు ఒక ముక్క పోయింది అని అర్థం. ఇంకో స్క్రీన్‌షాట్ అడగాలి.

వాటాలు చూస్తే యూట్యూబ్ 32 శాతం, ఇన్‌స్టా 24, హాట్‌స్టార్ 16, హాట్‌స్పాట్ 14 దగ్గర. ఈ నాలుగే కలిపి 39.9 జీబీ, అంటే 86 శాతం. కాబట్టి వాట్సాప్‌లో ఫొటోలు ఆపడం, క్రోమ్ తక్కువ వాడటం లాంటివాటితో ఈ నెల బిల్లు తగ్గదు. పని చేస్తే ఈ నాలుగింటి మీదే చెయ్యాలి.

యాప్ మీద నొక్కితే Foreground, Background అని రెండు వస్తున్నాయి, అవేంటి?

యాప్ తెరిచి మీరు చూస్తున్నప్పుడు వాడింది ఫోర్‌గ్రౌండ్, తెరవకపోయినా వెనకాల దానంతటది వాడుకుంది బ్యాక్‌గ్రౌండ్. ఈ ఒక్క విడగొట్టడంతో చాలా విషయం తెలుస్తుంది, ఎందుకంటే ఫోర్‌గ్రౌండ్ ఎక్కువుంటే అది మీ అలవాటు, బ్యాక్‌గ్రౌండ్ ఎక్కువుంటే అది ఒక సెట్టింగ్. అలవాటు మార్చడం కష్టం, సెట్టింగ్ మార్చడం అర నిమిషం పని.

మా వాడి వాట్సాప్ 2.4 జీబీలో 1.8 బ్యాక్‌గ్రౌండే. కాలేజీ ఫ్రెండ్స్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, క్రికెట్ గ్రూపు, వీటిల్లో వచ్చే వీడియోలన్నీ వాడు చూసినా చూడకపోయినా దిగిపోతున్నాయి. వాట్సాప్ Settings లో Storage and data లో When using mobile data మీద నొక్కి వీడియోల టిక్ తీసేయించాను. గూగుల్ ఫొటోస్ బ్యాకప్ మొబైల్ డేటా మీద జరుగుతున్నా ఇలాగే కనిపిస్తుంది, పెళ్ళికి వెళ్ళొచ్చి ఐదొందల ఫొటోలు వీడియోలు తీసుకొచ్చిన వారంలో ఆ యాప్ ఒక్కసారిగా పైకొచ్చేస్తుంది.

ఇన్‌స్టా అయితే పూర్తిగా ఫోర్‌గ్రౌండ్. రీల్స్ అన్నమాట.

హాట్‌స్పాట్ అని ఒక ఎంట్రీ ఉంది, అది యాప్ కాదు కదా?

కాదు. మీ ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కో, ఇంకో ఫోన్‌కో, టీవీకో నెట్ ఇస్తే అదంతా అక్కడ పడుతుంది. ల్యాప్‌టాప్ లోపల ఏం వాడిందో మీ ఫోన్‌కి తెలీదు, మొత్తం ఒకే అంకె. ల్యాప్‌టాప్‌కి అది వైఫైలాగే కనిపిస్తుంది కాబట్టి అప్‌డేట్లు, క్లౌడ్ సింక్ అన్నీ హాయిగా నడిపించేస్తుంది. విండోస్‌లో ఆ వైఫై పేరు మీద Metered connection అని ఆన్ చేస్తే కొంత అదుపులో ఉంటుంది.

అంచనాకి హాట్‌స్పాట్ చాలా ముఖ్యం, ఎందుకంటే ఇది ప్రతి రోజూ జరిగేది కాకపోవచ్చు. అడిగితే మావాడు చెప్పాడు, 9, 10 తారీఖుల్లో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కేబుల్ తెగిపోయి రెండు రోజులు ఆఫీస్ పని మొత్తం ఫోన్ హాట్‌స్పాట్ మీదే చేశాడట. ఆ 6.3 జీబీ అంతా ఆ రెండు రోజులదే. స్క్రీన్‌షాట్‌లో ఈ కథ ఉండదు, మనిషిని అడిగితేనే తెలుస్తుంది. నేనైతే అంచనా వేసే ముందు ప్రతి ఒక్కరినీ ఇదే అడుగుతాను: ఈ నెలలో మామూలుగా జరగనిది ఏదైనా జరిగిందా? ఊరెళ్ళడం, వైఫై పోవడం, పెద్ద గేమ్ డౌన్‌లోడ్, ఫోన్ మార్చి యాప్‌లన్నీ మళ్ళీ ఎక్కించడం, ఇలాంటివి.

సరే, నెలాఖరుకి ఎంతవుతుందో ఎలా లెక్కేయాలి?

అందరూ చేసేది మొత్తాన్ని రోజులతో భాగించి 30తో గుణించడం. 46.2 భాగారం 14, రోజుకి 3.3 జీబీ, 30 రోజులకి 99 జీబీ. 75 పోగా 24 జీబీ ఎక్కువ, 480 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 566. మొదటి చూపుకి ఇది పనికొస్తుంది, పైకి ఎంతదాకా పోవచ్చో తెలుస్తుంది. కానీ ఇందులో తప్పేంటంటే బ్రాడ్‌బ్యాండ్ తెగిపోయిన రెండు రోజుల్ని కూడా మామూలు రోజుల్లో కలిపేసి, మిగిలిన 16 రోజుల్లో కూడా కేబుల్ కొంచెం కొంచెం తెగుతూనే ఉంటుందని అనుకున్నట్టు అవుతుంది.

అందుకని ఇలా వెయ్యండి:

```
మామూలు రోజు = (మొత్తం - ఒక్కసారి జరిగినవి) / గడిచిన రోజులు
అంచనా = మొత్తం + మామూలు రోజు × మిగిలిన రోజులు
```

రెండో లైన్‌లో మొత్తం నుంచి ఏమీ తియ్యకూడదు, అది గుర్తుపెట్టుకోండి. ఆ 6.3 జీబీ ఖర్చయిపోయింది, కోటాలోంచి పోయింది, అది మళ్ళీ రాదు. రాబోయే రోజుల సగటులో మాత్రమే దాన్ని పక్కన పెడతాం. చాలామంది రెండు చోట్లా తీసేసి అంచనా బాగా తక్కువ తెచ్చుకుంటారు.

మా వాడికి: 46.2లో 6.3 తీస్తే 39.9, భాగారం 14 అంటే రోజుకి 2.85. మిగిలిన 16 రోజులకి 45.6. దానికి 46.2 కలిపితే 91.8 జీబీ. అంటే 16.8 జీబీ ఎక్కువ, 336 రూపాయలు, జీఎస్టీతో 396. అదీ ఫోన్ అంకెల ప్రకారం, ఇంకా అయిపోలేదు, కింద ఇంకో సవరణ ఉంది.

వారంలో అన్ని రోజులూ ఒకేలా వాడం కదా, శని ఆదివారాలు ఎక్కువ వాడతాం?

కరెక్టే, అందుకే మిగిలిన రోజుల్లో ఎన్ని వీకెండ్‌లున్నాయో క్యాలెండర్ చూడండి. వాడి సైకిల్ శనివారం మొదలైంది, గడిచిన 14 రోజులు సరిగ్గా రెండు వారాలు, రెండు వీకెండ్‌లు. మిగిలిన 16 రోజుల్లో మాత్రం మూడు వీకెండ్‌లు, 19-20, 26-27, మే 3-4. అంటే అంచనా కొంచెం పైకే పోతుంది గానీ కిందకి రాదు. రోజువారీ లెక్క స్క్రీన్‌షాట్‌లో లేదు కాబట్టి ఎంత పైకో ఖచ్చితంగా చెప్పలేం, నేనైతే ఒకటి రెండు జీబీ అటు ఉంచుకుంటాను.

అలాగే సీజన్ కూడా. ఏప్రిల్ మొత్తం ఐపీఎల్, సాయంత్రం మ్యాచ్ ఉంది అంటే హాట్‌స్టార్ నడుస్తూనే ఉంటుంది. మావాడి సైకిల్ అంతా ఐపీఎల్ లోపలే కాబట్టి ఆ 7.6 జీబీని మామూలు వాడకంలోనే ఉంచాను. సైకిల్ మధ్యలో టోర్నమెంట్ అయిపోయేదుంటే మాత్రం ఫైనల్ తర్వాత రోజులకి హాట్‌స్టార్ వాటా తీసేసి లెక్కేయాలి. పిల్లల సెలవులు మొదలయ్యే నెలలో దీనికి రివర్స్, వెనక రోజుల సగటు ముందు రోజులకి సరిపోదు.

మరీ నెల మొదట్లో, మూడు నాలుగు రోజుల స్క్రీన్‌షాట్‌తో అంచనా వేయమంటే నేను వేయను. ఒక్క ఆదివారం చాలు మొత్తం తారుమారు అవ్వడానికి. కనీసం ఒక వారం గడవాలి.

ఫోన్‌లో ఒక అంకె, కంపెనీ యాప్‌లో ఇంకో అంకె ఉంది. ఏది నమ్మాలి?

బిల్లుకి కంపెనీదే. ఫోన్ స్క్రీన్ ఏ యాప్ ఎంత అనేది చెప్తుంది, కంపెనీ యాప్ మొత్తం ఎంత అనేది చెప్తుంది, రెండూ చూసుకోవాలి. తేడాకి కారణాలు మామూలువే: కంపెనీ వాళ్ళ నెట్‌వర్క్ దగ్గర లెక్కపెడుతుంది, ఫోన్ ఫోన్ దగ్గర లెక్కపెడుతుంది, ఒక జీబీ అంటే 1000 ఎంబీనా 1024 ఎంబీనా అన్నది కూడా అన్నిచోట్లా ఒకటే కాదు, పైగా కంపెనీ యాప్ కొన్ని గంటలు వెనకబడి ఉండొచ్చు.

రెండు మూడు శాతం, ఐదు శాతం తేడా అయితే కంగారు పడక్కర్లేదు, అంచనాని ఆ నిష్పత్తిలో పెంచేస్తే చాలు. మా వాడి కంపెనీ యాప్‌లో అదే రాత్రి 47.9 జీబీ చూపించింది, ఫోన్‌లో 46.2. అంటే 3.7 శాతం దాకా ఎక్కువ. కాబట్టి 91.8ని కూడా అంతే పెంచితే 95.2 జీబీ. 75 పోగా 20.2, అంటే 404 రూపాయలు, జీఎస్టీతో 477. ఇదీ నేను వాడికి చెప్పిన అంకె, "ఇలాగే వాడితే ఐదొందల దగ్గర పడుతుందిరా" అని.

తేడా ఇరవై ముప్పై శాతం ఉంటే మాత్రం అది రౌండింగ్ కాదు. తేదీలు కలవట్లేదేమో, ఫోన్ మధ్యలో రీసెట్ అయిందేమో, ఇంకో సిమ్ వాటా కలుస్తోందేమో చూడండి.

నాది 5జీ ఫోన్. స్క్రీన్‌షాట్‌లో 160 జీబీ ఉంది, కంపెనీ యాప్‌లో 40 మాత్రమే ఉంది?

మీ ప్లాన్‌లో అన్‌లిమిటెడ్ 5జీ ఉండి ఉంటుంది. అలాంటి ప్లాన్లలో 5జీ సిగ్నల్ మీద వాడింది కోటాలోంచి పోదు, 4జీ మీద వాడింది మాత్రమే పోతుంది. ఫోన్ స్క్రీన్‌కి ఈ తేడా తెలియదు, సిమ్ మీద వెళ్ళింది ఏదైనా కలిపేసి చూపిస్తుంది. అందుకని 5జీ వాడేవాళ్ళకి స్క్రీన్‌షాట్‌తో బిల్లు అంచనా వెయ్యడం కుదరదు, మొత్తానికి కంపెనీ యాప్ అంకెనే తీసుకుని రోజులతో భాగించండి. యాప్‌ల వారీ లిస్ట్ మాత్రం ఎక్కడ ఎక్కువ పోతుందో ఒక ఐడియా ఇస్తుంది.

ఇంకో సంగతి, ఊరెళ్తే లెక్క మారిపోతుంది. హైదరాబాద్‌లో ఇంట్లో 5జీ ఫుల్‌గా ఉండి కోటా కదలకుండా ఉన్నవాళ్ళు, సంక్రాంతికో పెళ్ళికో ఊరెళ్ళి అక్కడ 4జీ మీద పడితే రోజుకి మూడు జీబీలు కోటాలోంచి పోవడం మొదలవుతుంది. వాడకం మారలేదు, సిగ్నల్ మారింది అంతే. మా బావమరిదిది 4జీ ఫోన్ కాబట్టి వాడికి ఈ చిక్కు లేదు.

ఐఫోన్‌లో Current Period అని 812 జీబీ చూపిస్తోంది!

భయపడకండి. ఐఫోన్‌లో ఆ కౌంటర్ ప్రతి నెలా దానంతటది సున్నా అవ్వదు. మీరు Reset Statistics నొక్కేదాకా పెరుగుతూనే ఉంటుంది, పేరు మాత్రం Current Period అని ఉంటుంది. పేజీ చివరికి వెళ్తే Last Reset అని తేదీ ఉంటుంది చూడండి, చాలామందికి అది ఫోన్ కొన్న రోజుల్లోది. ఆ 812 జీబీ ఎన్నో నెలలది.

అందుకే ఐఫోన్‌కి ఒక్క స్క్రీన్‌షాట్ సరిపోదు, రెండు కావాలి. ఇవాళ ఒకటి తీసి, వారం తర్వాత అదే టైమ్‌కి ఇంకోటి తీసి, యాప్ వారీగా తీసివేత వేస్తే ఆ వారంలో ఏది ఎంత తిన్నదో వస్తుంది. లేదంటే బిల్ సైకిల్ మొదలయ్యే రోజు పొద్దున రీసెట్ నొక్కేయండి, ఫోన్‌లో నెలకోసారి రిమైండర్ పెట్టుకోండి. ఆ లిస్ట్ చివర్లో Wi-Fi Assist అని ఒకటుంటుంది, వైఫై వీక్‌గా ఉన్నప్పుడు ఫోన్ చెప్పకుండా మొబైల్ డేటా వాడుకునే ఫీచర్ అది, పక్కనే ఎంత వాడిందో కూడా రాసి ఉంటుంది. ఆ అంకె ఎక్కువుంటే ఆఫ్ చేసేయండి.

మాది ఫ్యామిలీ ప్లాన్, నా స్క్రీన్‌షాట్ ప్రకారం నేను తక్కువే వాడాను, అయినా కోటా అయిపోయింది?

ఒకే కోటా నలుగురూ పంచుకుంటుంటే మీ ఫోన్ మీ వాడకమే చూపిస్తుంది, మిగతా ముగ్గురిదీ దానికి తెలియదు. నలుగురి స్క్రీన్‌షాట్లూ ఒకే రోజు రాత్రి తీయించి కూడాలి, వేర్వేరు రోజులవి కూడితే లెక్క తప్పుతుంది. ప్లాన్ తీసుకున్న నెంబర్‌తో కంపెనీ యాప్‌లో లాగిన్ అయితే చాలావాటిల్లో సిమ్‌ల వారీగా ఎవరెంత వాడారో కనిపిస్తుంది, ముందు అది చూసి ఎవరిది ఎక్కువుందో వాళ్ళ స్క్రీన్‌షాట్ మాత్రం అడగండి. ఇంట్లో గొడవ కాకుండా ఉండటానికి కూడా అదే మేలు, ఎందుకంటే అందరూ పిల్లల్నే అంటారు, చూస్తే చాలాసార్లు మధ్యాహ్నం సీరియల్ ఎపిసోడ్లు చూసే అమ్మమ్మ ఫోన్ ఉంటుంది.

పాత నెల మిగిలిన డేటా ఈ నెలకి కలిసే ప్లాన్ అయితే మీ హద్దు 75 కాదు, 75 ప్లస్ మిగిలింది. అది కూడా కంపెనీ యాప్‌లోనే కనిపిస్తుంది. మా వాడికి ముందు నెల ఏమీ మిగల్లేదు.

ప్రీపెయిడ్ వాళ్ళకి ఇదంతా అవసరమా?

రోజుకి 1.5 జీబీ, 2 జీబీ ప్లాన్లకి అవసరం లేదు. అక్కడ ఎక్కువ వాడితే బిల్లు పడదు, ఆ రోజుకి స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, అర్ధరాత్రి మళ్ళీ మొదలవుతుంది. వాళ్ళకి నెల మొత్తం స్క్రీన్‌షాట్ కంటే ఒక రోజుది చూడటం ఉపయోగం. నెల మొత్తానికి ఒకే కోటా ఇచ్చే ప్రీపెయిడ్ ప్యాక్ అయితే మాత్రం పైన చెప్పిన లెక్కే, కాకపోతే ఎంత బిల్లు అని కాకుండా ఏ తారీఖుకి అయిపోతుంది అని చూసుకోవాలి. మిగిలిన జీబీని మామూలు రోజు వాడకంతో భాగిస్తే ఎన్ని రోజులొస్తుందో తెలుస్తుంది.

అంచనా వచ్చింది, ఇప్పుడు తగ్గించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు రోజుకి ఎంత వాడొచ్చో చూడండి. మా వాడికి కంపెనీ లెక్కన 75లోంచి 47.9 పోతే 27.1 జీబీ మిగిలింది, 16 రోజులకి పంచితే రోజుకి 1.7 దగ్గర. వాడుతున్నది (కంపెనీ లెక్కలో) 2.95. అంటే రోజుకి జీబీ పావు తగ్గాలి. ఇది తెలిశాక యాప్ లిస్ట్ మళ్ళీ చూస్తే ఎక్కడ దొరుకుతుందో కనిపిస్తుంది: యూట్యూబ్ రోజుకి 1.06, ఇన్‌స్టా 0.8, హాట్‌స్టార్ 0.54. వాట్సాప్ మొత్తం ఆపేసినా రోజుకి 0.17 మాత్రమే.

యూట్యూబ్‌లో Video quality preferences లో మొబైల్ నెట్‌వర్క్‌కి Data saver పెట్టించాను. ఫోన్ స్క్రీన్ మీద 1080కీ 480కీ పాటలు, వార్తలు, ఇంటర్వ్యూలు చూసేటప్పుడు పెద్ద తేడా తెలియదు, డేటా మాత్రం సగానికి సగం పైనే తగ్గుతుంది. ఇన్‌స్టాలో డేటా సేవర్ ఆన్ చేశాం, దాంతో రీల్స్ ముందుగానే లోడ్ అయి కూర్చోవడం తగ్గుతుంది. హాట్‌స్టార్ జోలికి వెళ్ళలేదు, మ్యాచ్ క్వాలిటీ తగ్గిస్తే వాడు ఒప్పుకోడు, పైగా ఇంట్లో ఉన్నప్పుడు వైఫై మీదే చూస్తానన్నాడు. 9వ తారీఖు నుంచి అప్పటిదాకా మ్యాచ్ అంతా మొబైల్ డేటా మీదే నడిచింది, ఎందుకంటే బ్రాడ్‌బ్యాండ్ పోయిన రోజు ఫోన్‌లో వైఫై ఆఫ్ చేసినవాడు తిరిగి ఆన్ చెయ్యడం మర్చిపోయాడు! ఇది కూడా స్క్రీన్‌షాట్ చూసి నాకు తట్టలేదు, అడిగితే బయటపడింది.

తగ్గిందో లేదో ఎప్పుడు తెలుస్తుంది?

మూడు రోజుల తర్వాత మళ్ళీ చూడండి, పాత సగటుతో కలపకుండా ఈ మూడు రోజులదే విడిగా. మా వాడి కంపెనీ యాప్‌లో 21 రాత్రికి 53.6 ఉంది, అంటే మూడు రోజుల్లో 5.7, రోజుకి 1.9. అందులో శని ఆదివారాలు కూడా ఉన్నాయి కాబట్టి నిజంగానే తగ్గినట్టు. మిగిలిన 13 రోజులకి 24.7 కలిపితే 78.3 జీబీ. 3.3 ఎక్కువ, 66 రూపాయలు, జీఎస్టీతో 78.

సగటు మొత్తం 17 రోజుల మీద వేసి ఉంటే రోజుకి 3.15 వచ్చి, ఏమీ తగ్గలేదని నిరుత్సాహపడి వదిలేసేవాడు. సెట్టింగ్ మార్చాక పాత రోజుల్ని లెక్కలోకి తేకండి.

ఎక్కువవుతుందని తెలిశాక యాడ్ఆన్ ప్యాక్ వేయించుకోవడం మంచిదా?

రెండు ధరలు పక్కపక్కన పెట్టి చూడండి, అంతే. 20 జీబీ దాటుతుంది అనుకున్నప్పుడు 477 రూపాయలు కాబట్టి అంతకంటే తక్కువలో అన్ని జీబీలు ఇచ్చే ప్యాక్ ఉంటే లాభం. 3 జీబీ దాటుతుంది, 78 రూపాయలు అన్నప్పుడు వంద రూపాయల ప్యాక్ తీసుకోవడం డబ్బు పోగొట్టుకోవడమే. తీసుకునే ముందు ఆ ప్యాక్ బిల్ సైకిల్ చివరితో అయిపోతుందా లేక ఇన్ని రోజులని విడిగా ఉంటుందా చూడండి, సైకిల్‌తో అయిపోయేదైతే ఆఖరి రెండు రోజుల్లో పెద్ద ప్యాక్ వేయించుకుని ప్రయోజనం లేదు. మావాడు ప్యాక్ వేయించుకోలేదు, 78 రూపాయలే కదా అని ఊరుకున్నాడు, ఆఖరి వీకెండ్ మాత్రం ఫోన్‌లో Data warning 74 జీబీ దగ్గర పెట్టించాను. ఫోన్ లెక్క కంపెనీ కంటే నాలుగు శాతం దాకా తక్కువ కదా, కాబట్టి నిజానికి 72 దగ్గర పెట్టాల్సింది, ఇంకోసారి మీరు పెట్టుకునేటప్పుడు ఆ తేడా తీసేసి పెట్టుకోండి.